పలచన చేయని సీరం: నాలుగు పేర్లతో తిరిగిన ఒక సిఫిలిస్ కేసు

నలభై ఒక్క ఏళ్ల ఒక పురుషుణ్ణి కంటి వైద్యులు మా చర్మ, సుఖవ్యాధుల విభాగానికి పంపారు. చీటీలో ఉన్నది రెండు వాక్యాలే: "కుడికంటిలో యువైటిస్, స్టెరాయిడ్‌కు లొంగడం లేదు. అరచేతుల్లో మచ్చలున్నాయి, దయచేసి చూడండి." యువైటిస్ అంటే కంటి లోపలి పొరల వాపు. ఆయన తనతో తెచ్చిన ఫైలులో మాత్రం అప్పటికే నాలుగు జబ్బుల పేర్లు ఉన్నాయి. ఏడు నెలల వ్యవధిలో ఆయన చర్మానికి ఒకటి, జుట్టుకు ఒకటి, కాలేయానికి ఒకటి, కంటికి ఒకటి చొప్పున నాలుగు నిర్ధారణలు జరిగాయి. వాటిలో మొదటి చీటీ మా విభాగంలోనే రాసినది, దాని మీద సంతకం నాది. ఈ కేసు రాయడానికి అదే ముఖ్య కారణం. రోగి గుర్తింపునకు దారితీసే వివరాలను మార్చి రాస్తున్నాను.

ఏడు నెలల వెనక్కి

అరచేతులు చూసిన తరువాత నేను అడిగిన మొదటి ప్రశ్న కంటి గురించి కాదు. ఈ ఏడాదిలో ఎప్పుడైనా జననాంగం మీద నొప్పి లేని పుండు వచ్చిందా అని అడిగాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, వచ్చిందని, కానీ దానంతటదే మానిపోయిందని చెప్పారు. భార్యతో కాక మరొకరితో ఒక్కసారి కలయిక జరిగిన మూడున్నర వారాలకు, ముందోలు లోపలి వైపు ఒకే ఒక పుండు కనిపించిందట. తాకితే చొక్కా గుండీలా గట్టిగా ఉండేదని, నొప్పి, చీము ఏమీ లేవని, అదే సమయంలో గజ్జల్లో రెండు వైపులా బిళ్లలు కట్టాయని, అవి కూడా నొక్కితే నొప్పి పెట్టలేదని వివరించారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఫంగస్ మలాం రాసుకున్నారు. నాలుగు వారాల్లో పుండు పూర్తిగా మానింది. ఆయన దృష్టిలో మలాం పనిచేసింది.

నిజానికి మలాం చేసిందేమీ లేదు. సిఫిలిస్ మొదటి దశలో వచ్చే ఈ పుండును షాంకర్ అంటారు. సూక్ష్మజీవి శరీరంలోకి ప్రవేశించిన 9 నుంచి 90 రోజుల లోపు, సాధారణంగా మూడు వారాల ప్రాంతంలో ఇది కనిపిస్తుంది. వైద్యం చేసినా చేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. అందువల్ల ఆ సమయంలో ఏ మందు వాడితే ఆ మందుకే పేరు వస్తుంది. ఆడవారిలో ఈ పుండు గర్భాశయ ముఖద్వారం మీదో, మరికొందరిలో మలద్వారం లోపలో, నోటిలోనో వస్తే, ఉన్న సంగతే తెలియకుండా మొదటి దశ గడిచిపోతుంది.

పుండు ఎందుకు నొప్పి పెట్టదన్న ప్రశ్న చాలామంది రోగులు అడుగుతారు, దానికి పూర్తి సమాధానం ఒక్క మాటలో చెప్పలేం. ఈ జబ్బుకు కారణమైన ట్రెపోనెమా పాలిడమ్ అనే స్ప్రింగు ఆకారపు బాక్టీరియా పైపొర మీద మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టగల ప్రోటీన్లు చాలా తక్కువ. ఎన్నో ఇతర బాక్టీరియాలు కణజాలంలో తీవ్రమైన మంట పుట్టించడానికి కారణమయ్యే లైపోపాలీసాకరైడ్ అనే పదార్థం దీనిలో లేదు. ఇది విషాలను విడుదల చేసే జీవి కూడా కాదు. కాబట్టి దీని రాక శరీరానికి ఆలస్యంగా, అదీ అరకొరగా తెలుస్తుంది. పుండు కంటికి కనబడే నాటికే ఇది లింఫ్ గ్రంథులు దాటి రక్తంలో తిరుగుతూ ఉంటుంది. పుండు ఉన్న చోట మాత్రమే జబ్బు ఉందనుకోవడం ఇక్కడ మొదటి పొరపాటు.

పుండు మానిన రెండు మూడు వారాలకు ఆయనకు సన్నని జ్వరం, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు వచ్చి తగ్గాయి. ఆ వెంటనే ఛాతీ మీద, వీపు మీద దురద లేని లేత ఎరుపు మచ్చలు లేచాయి. అప్పుడు ఆయన మా విభాగానికి వచ్చారు. నేను చొక్కా విప్పించి చూసి, అది పిటిరియాసిస్ రోజియా అని, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దానంతటదే పోతుందని చెప్పి పంపాను. ఆ జబ్బులో సాధారణంగా ముందుగా ఒక పెద్ద మచ్చ వచ్చి, ఆ తరువాతే చిన్నవి వస్తాయి. అటువంటి పెద్ద మచ్చ వచ్చిందో లేదో అడిగినట్టు నా నోట్‌లో లేదు. అరచేతులు, అరికాళ్లు, నోరు చూసినట్టూ లేదు. ఆయన ఆ రోజు బూట్లు, సాక్సులు వేసుకుని వచ్చారు, నేను వాటిని విప్పమనలేదు. మచ్చలు నేను చెప్పినట్టే తగ్గిపోవడంతో ఆయనకు నా మాట మీద నమ్మకం కలిగింది. రెండో దశ మచ్చలు కూడా వైద్యం లేకుండా తగ్గిపోతాయన్న సంగతి ఆయనకు తెలియదు, నాకు ఆ రోజు తట్టలేదు.

మరో ఆరు వారాలకు తల వెనుక భాగంలో అక్కడక్కడ జుట్టు ఊడసాగింది. ఇంకొక చోట చూపించుకుంటే పేనుకొరుకుడు అన్నారు. పేనుకొరుకుడులో మచ్చ గుండ్రంగా, నున్నగా, అంచు స్పష్టంగా ఉంటుంది. సిఫిలిస్‌లో చిన్న చిన్న మచ్చలు, పూర్తిగా నున్నగా కాకుండా, చిమటలు కొట్టిన ఉన్ని బట్టలా కనిపిస్తాయి. తరువాత కొద్ది రోజులకు ఆకలి మందగించి, రక్తపరీక్షలు చేయించుకుంటే, కాలేయ, పిత్తనాళాల సమస్యల్లో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 540 వచ్చింది. ఆ ప్రయోగశాలలో దాని గరిష్ఠ పరిమితి 120. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఏఎల్‌టీ మాత్రం 70 దగ్గరే ఉంది. హెపటైటిస్ వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్, పిత్తనాళాల్లో అడ్డంకి లేదని స్కానింగ్ చెప్పింది. ఏఎల్‌టీ అంతగా పెరగకుండా ఫాస్ఫటేజ్ ఒక్కటే ఇంతగా పెరగడం సిఫిలిస్ కాలేయంలో చేసే పనికి చాలా దగ్గరగా ఉండే చిత్రం. ఆ పరీక్షలు చూసిన వైద్యుడికి ఆ అనుమానం వచ్చింది. ఆయన సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష రాశారు. నెగెటివ్ అని వచ్చింది.

నెగెటివ్ అన్న ఆ ఒక్క కాగితం

ఈ కేసులో అత్యంత నష్టం చేసినది ఈ ఫలితమే. ఆ తరువాత ఫైలు చూసిన ప్రతి ఒక్కరూ సిఫిలిస్ లేదని తేలిపోయిందన్న భావంతో ముందుకు వెళ్లారు. నెల రోజులకు కుడికన్ను ఎర్రబడి చూపు మసకబారింది. యువైటిస్ అని గుర్తించి, పాత ఫైలులో ఇన్ఫెక్షన్లేవీ లేవన్న ధీమాతో ఒక క్లినిక్‌లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వారం రోజులు కన్ను తేలికపడింది, తరువాత మరింత మసకబారింది. అదే రోజుల్లో ఎడమ చెవిలో హోరు మొదలైంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు, కంటికీ చెవికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు. ఆయన్ను మా వద్దకు పంపింది రెండో కంటి వైద్యులు. చుక్కల మందు ఎలా వేసుకోవాలో చూపించడానికి ఆయన చేయి పట్టుకున్నప్పుడు అరచేతి మచ్చలు వారి కంట పడ్డాయట.

నేను ఈసారి తల నుంచి పాదాల వరకు చూశాను. అరచేతుల్లో, అరికాళ్లలో రాగి రంగు మచ్చలు ఉన్నాయి. కొన్నింటి అంచున సన్నని పొలుసు వలయంగా లేచి ఉంది. లోపలి పెదవి మీద బూడిద రంగు పూత ఉన్న నొప్పిలేని పొర కనిపించింది. మోచేతి పైన లోపలి వైపు ఒక లింఫ్ గ్రంథి గోళీలా తగిలింది. ఆ చోట గ్రంథి వాయడానికి కారణాలు తక్కువ కాబట్టి దానికి విలువ ఎక్కువ. మళ్లీ రక్తం తీసి ప్రయోగశాలకు పంపుతూ, సిఫిలిస్ బలంగా అనుమానిస్తున్నామని, సీరంను, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, పలచన చేసి కూడా చూడమని చీటీ మీద రాశాను. పలచన చేయని సీరం మళ్లీ నెగెటివ్‌గానే కనిపించింది. పలచన చేస్తూ పోగా 1:256 వరకు పాజిటివ్ వచ్చింది. ట్రెపోనెమాకే ప్రత్యేకమైన టీపీహెచ్ఏ పరీక్ష కూడా పాజిటివ్. అంటే మొదటి వీడీఆర్ఎల్ నెగెటివ్ రావడానికి కారణం జబ్బు లేకపోవడం కాదు, రక్తంలో యాంటీబాడీలు మరీ ఎక్కువ కావడం.

దీన్ని ప్రోజోన్ అంటారు. వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ పరీక్షల్లో కొవ్వు పదార్థంతో చేసిన సూక్ష్మ రేణువులకు రోగి సీరం కలుపుతారు. ఒక్కొక్క యాంటీబాడీ రెండు రేణువులను చెరో చేత పట్టుకుని ముడివేస్తే, అలా వేల రేణువులు కలిసి గడ్డకట్టి కంటికి కనిపిస్తాయి. యాంటీబాడీలు అవసరానికి మించి ఉంటే ప్రతి రేణువు చుట్టూ అవే నిండిపోతాయి. పక్క రేణువును అందుకోవడానికి ఖాళీ మిగలదు, గడ్డలు కట్టవు, ఫలితం నెగెటివ్‌గా కనిపిస్తుంది. సీరంను పలచన చేస్తే ఆ నిష్పత్తి సరిపడి గడ్డలు కనిపిస్తాయి. ఇది తరచూ జరిగేది కాదు, కానీ జరిగే సందర్భం సరిగ్గా రెండో దశ, అంటే జబ్బు అతి బలంగా, అతి వేగంగా అంటుకునే స్థితిలో ఉన్నప్పుడు.

ఇదే పరీక్ష మొదటి దశలో మరో కారణంతో నెగెటివ్ రావచ్చు. పుండు వచ్చిన తొలి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు కాబట్టి, అనుమానం ఉన్నప్పుడు కొన్ని వారాల తరువాత మళ్లీ చేయాలి. వ్యతిరేక దిశలో, గర్భంలో, లూపస్ వంటి జబ్బుల్లో, కొన్ని ఇతర ఇన్ఫెక్షన్లలో తక్కువ టైటర్‌తో అబద్ధపు పాజిటివ్ రావడం ఉంది. టైటర్ అంటే సీరంను ఎంత పలచన చేసే వరకు పరీక్ష పాజిటివ్‌గా ఉందో చెప్పే అంకె. అందువల్లే వీడీఆర్ఎల్ వంటిదీ, టీపీహెచ్ఏ వంటిదీ రెండు రకాల పరీక్షలు కలిపి చదవాలి.

ఒకే దెబ్బ, వేర్వేరు చోట్ల

సిఫిలిస్‌ను వైద్యులు చాలా కాలంగా మహా అనుకర్త అంటారు, మన మాటల్లో బహురూపి అనవచ్చు. ఇది మహామహులను కూడా బోల్తా కొట్టించింది. 18వ శతాబ్దంలో బ్రిటిష్ సర్జన్ జాన్ హంటర్ గనేరియా రోగి చీముతో ప్రయోగం చేసి, ఫలితంగా సిఫిలిస్ రావడంతో ఆ రెండూ ఒకే జబ్బని తేల్చారు. చీము తీసిన రోగికి రెండూ ఉండి ఉంటాయన్నది తరువాతి వారి వివరణ. 1838లో ఫ్రెంచ్ వైద్యుడు ఫిలిప్ రికార్డ్ వాటిని వేరు చేసి చూపే వరకు ఆ పొరపాటు నిలిచింది. సిఫిలిస్‌ను మూడు దశలుగా విభజించి చూడడం కూడా ఆయనతోనే స్థిరపడింది.

అయితే నాకు ఈ అనుకర్త అన్న పేరు మీద ఒక అభ్యంతరం ఉంది. ఈ జబ్బు ఏ అవయవంలో అయినా చేసేది దాదాపు ఒకే పని. రక్తం ద్వారా అన్ని చోట్లకూ వెళ్లి, చిన్న రక్తనాళాల చుట్టూ లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రోగనిరోధక కణాలు గుమిగూడేట్టు చేస్తుంది. ఆ నాళాల లోపలి పొర క్రమంగా దళసరెక్కి, లోపలి మార్గం ఇరుకవుతుంది. ఆ నాళం చర్మంలో ఉంటే అది మచ్చ, వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఉంటే జుట్టు ఊడడం, కాలేయంలో ఉంటే ఫాస్ఫటేజ్ పెరగడం, కంటిలో ఉంటే యువైటిస్, లోపలి చెవిలో ఉంటే హోరు. మా రోగి శరీరం ఏడు నెలలూ ఒకే మాట చెబుతూ ఉంది. దాన్ని చర్మం, జుట్టు, కాలేయం, కన్ను అని పంచుకున్నది మా విభాగాలు.

ఆచరణలో నేను దీని నుంచి తీసుకున్నది చిన్న నియమం. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే రెండు అవయవాలు ఒకే ఏడాదిలో చెడితే, ముఖ్యంగా దురద లేని మచ్చలు తోడైతే, సిఫిలిస్ పరీక్ష మొదటి విడతలోనే ఉండాలి. లైంగిక చరిత్ర ఏమీ లేదని రోగి చెప్పినా ఉండాలి. ఆయన మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు పక్కన భార్య కూర్చుని ఉన్నారు. ఆ పరిస్థితిలో అడిగి ఉంటే వచ్చే జవాబు వేరుగా ఉండేది కాదేమో.

వైద్యం జరిగిన తీరు

కన్ను, చెవి రెండూ ప్రమేయంలో ఉన్నందున వెన్నునీరు తీసి చూశాం. కణాలు 22, ఎక్కువగా లింఫోసైట్లు. 5 దాటితే అసాధారణం. ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు 62 మిల్లీగ్రాములు, అదీ ఎక్కువే. వెన్నునీటిలో వీడీఆర్ఎల్ నెగెటివ్. ఈ పరీక్ష అక్కడ పాజిటివ్ వస్తే మెదడు సిఫిలిస్ ఉన్నట్టే, కానీ నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదనడానికి వీల్లేదు. ఒకసారి నెగెటివ్ కాగితం చేసిన నష్టం చూశాక దాన్ని నమ్ముకునే ఉద్దేశం మాకు లేదు. మెదడు పొరల్లో, కంటిలో, చెవిలో జబ్బు చేరడానికి చివరి దశే కానక్కర్లేదు. తొలి నెలల్లోనే చేరగలదని ఈ కేసే చెబుతుంది.

సాధారణ రెండో దశకు బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు కండరంలోకి ఒక్కసారి ఇస్తే చాలు. ఈ బాక్టీరియా ఒకసారి విభజన చెందడానికి 30 గంటలకు పైగా పడుతుంది. పెన్సిలిన్ విభజన చెందుతున్న జీవినే చంపుతుంది కాబట్టి మందు తక్కువ మోతాదులోనైనా చాలా రోజులు రక్తంలో నిలవాలి, బెంజథీన్ రూపం ఆ పని చేస్తుంది. అయితే దాని నుంచి వెన్నునీటిలోకి, కంటిలోకి తగినంత మందు చేరదు. అందువల్ల ఆయనకు క్రిస్టలైన్ పెన్సిలిన్‌ను నరంలోకి ప్రతి నాలుగు గంటలకు 40 లక్షల యూనిట్ల చొప్పున 14 రోజులు ఇచ్చాం. హెచ్ఐవీ పరీక్ష నెగెటివ్, మూడు నెలల తరువాత మళ్లీ చేసినా నెగెటివ్.

మొదటి మోతాదు ఇచ్చిన ఆరు గంటలకు ఆయనకు చలితో 39 డిగ్రీల జ్వరం వచ్చింది, మాసిపోతున్న మచ్చలు మళ్లీ ఎర్రగా లేచాయి. రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలు పెన్సిలిన్ అలర్జీ కావచ్చని మందు ఆపాలా అని ఫోను చేశారు. ఆమె భయం న్యాయమైనదే. ఊపిరి ఇబ్బంది, దద్దుర్లతో దురద, రక్తపోటు పడిపోవడం ఉన్నాయా అని అడిగాను, లేవన్నారు. ఇది యారిష్-హెర్క్స్‌హైమర్ ప్రతిచర్య, చనిపోతున్న బాక్టీరియాకు శరీరం చూపే స్పందన, ఒక రోజులో దానంతటదే తగ్గుతుంది. జ్వరం మాత్ర ఇచ్చి పెన్సిలిన్ కొనసాగించాం. మరుసటి సాయంత్రానికి జ్వరం పోయింది. ఈ సంగతి మేం రోగికి ముందే చెప్పాం కానీ, రాత్రి డ్యూటీ వారికి చెప్పడం మరిచాం.

భార్యకు ఏ లక్షణాలూ లేవు. ఆమె వీడీఆర్ఎల్ 1:16, టీపీహెచ్ఏ పాజిటివ్. ఆరేళ్ల క్రితం గర్భంతో ఉన్నప్పుడు చేసిన పరీక్ష నెగెటివ్, భర్తకు జబ్బు సోకి ఏడు నెలలే అయింది. కాబట్టి ఆమెది ఏడాది లోపు గుప్త దశ అని నిర్ణయించి బెంజథీన్ ఒక్క మోతాదు ఇచ్చాం. ఎప్పుడు సోకిందో తెలియకపోతే, లేదా ఏడాది దాటిందని తేలితే, వారానికి ఒకటి చొప్పున మూడు మోతాదులు ఇవ్వాల్సి వచ్చేది.

పంపకపోయి ఉంటే

రెండో కంటి వైద్యులు ఆ చేయి చూడకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఒక పాత ఆధారం ఉంది. ఓస్లోలో సీజర్ బోక్ అనే వైద్యుడు ఆనాటి పాదరసం వైద్యం మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుందని భావించి, 1891 నుంచి 1910 వరకు దాదాపు రెండు వేల మంది తొలి దశ రోగులను మందు ఇవ్వకుండా, లక్షణాలు తగ్గేదాకా ఆసుపత్రిలో ఉంచారు. వారి తరువాతి జీవితాలను గ్యెస్ట్‌లాండ్ అనే పరిశోధకుడు వెతికి 1955లో ప్రచురించారు. సుమారు నాలుగో వంతు మందికి రెండో దశ లక్షణాలు మళ్లీ తిరగబెట్టాయి. మూడింట ఒక వంతు ప్రాంతం చివరి దశ జబ్బుకు చేరారు. అంటే మిగతా అధికుల్లో జబ్బు రక్తపరీక్షకు మాత్రమే తెలిసే గుప్త దశలోనే ఉండిపోయింది. ఎవరు ఏ వైపు పోతారో ముందుగా చెప్పే మార్గం ఇప్పటికీ లేదు.

చివరి దశలో కొందరికి చర్మంలో, ఎముకల్లో, కాలేయంలో గమ్మా అనే గడ్డలు వస్తాయి. అవి చూడటానికి క్యాన్సర్‌లా, క్షయలా ఉంటాయి, పెన్సిలిన్‌కు బాగా లొంగుతాయి. ప్రమాదమంతా బృహద్ధమనిలోనూ నాడీమండలంలోనూ ఉంది. బృహద్ధమని అంత పెద్ద నాళానికి కూడా దాని గోడను పోషించే చిన్న నాళాలు ఉంటాయి. సిఫిలిస్ ఆ చిన్న నాళాలనే మూసివేస్తుంది. పోషణ అందని గోడలో సాగే పొర చచ్చి, 10 నుంచి 30 ఏళ్లకు గుండె నుంచి పైకి లేచే భాగం బుడగలా ఉబ్బుతుంది, కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. ఆనాడు రొమ్ము మీద మచ్చ పుట్టించిన దెబ్బే ఇది, చోటు మారింది, కాలం పట్టింది.

నాడీమండలంలో జరిగేదానికి నా దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. చాలా ఏళ్ల క్రితం 63 ఏళ్ల ఒక వ్యక్తి కాళ్లలో మెరుపులా పొడిచి పోయే నొప్పులతో సయాటికా వైద్యం రెండేళ్లు తీసుకుని వచ్చారు. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకోగానే తూలి పడిపోతున్నానని మాటల మధ్యలో అన్నారు. పాదాల స్థితిని మెదడుకు చెప్పే వెన్నుపాము వెనుక భాగపు నాడులు దెబ్బతింటే, మనిషి కళ్లతోనే నిలబడతాడు, కళ్లు మూస్తే ఆధారం పోతుంది. ఆయన కనుపాపలు చిన్నగా ఉండి వెలుగుకు కుంచించుకోలేదు, దగ్గరి వస్తువును చూసినప్పుడు మాత్రం కుంచించుకున్నాయి. వెన్నుపాముకు సోకిన సిఫిలిస్, అంటే టేబిస్ డార్సాలిస్ అని తేలి పూర్తి వైద్యం చేశాం. జబ్బు ముందుకు పోవడం ఆగింది, నొప్పులు మాత్రం పూర్తిగా పోలేదు. చనిపోయిన నాడులను పెన్సిలిన్ తిరిగి తేలేదు. మెదడులోనే ఇది జరిగితే వ్యక్తిత్వం మారడం, మతిమరుపు, పిచ్చి భ్రమలతో మానసిక వైద్యుడి దగ్గరకు చేరతారు. ఆ రోగుల మెదడులో ట్రెపోనెమాను నొగూచి, మూర్ అనే శాస్త్రవేత్తలు 1913లో చూపించే వరకు అది సిఫిలిసేనని నేరుగా రుజువు కాలేదు.

ఇప్పటి స్థితి

మా రోగి కుడికంటి చూపు 6/36 నుంచి మూడు నెలల్లో 6/9కి వచ్చింది. జుట్టు తిరిగి మొలిచింది, ఫాస్ఫటేజ్ ఆరు వారాల్లో మామూలు స్థాయికి దిగింది. ఎడమ చెవి హోరు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఎత్తైన శబ్దాలు వినే శక్తి కొంత శాశ్వతంగా పోయినట్టు వినికిడి పరీక్ష చెబుతోంది. వీడీఆర్ఎల్ టైటర్ మూడు నెలలకు 1:64, ఆరు నెలలకు 1:16, ఏడాదికి 1:4. నాలుగింతలు, అంటే రెండు పలచనల మేర తగ్గితేనే వైద్యం పనిచేసినట్టు లెక్క, ఇది దానికి మించే తగ్గింది. భార్యది ఆరు నెలలకు 1:4కు దిగింది.

టీపీహెచ్ఏ మాత్రం ఆయనకు బహుశా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. అది జబ్బు ఉన్నదనడానికి గుర్తు కాదు, ఎప్పుడో వచ్చిందనడానికి గుర్తు. పైగా ఒకసారి వచ్చినంత మాత్రాన రక్షణ రాదు, మళ్లీ సోకవచ్చు, అప్పుడు టైటర్ మళ్లీ నాలుగింతలు పెరిగితేనే తెలుస్తుంది. అందుకని ఆయన ఫైలులో మొదటి పేజీ మీద వైద్యం చేసిన తేదీలు, మందు, మోతాదు, చివరి టైటర్ 1:4 అని రాసి, దాని కిందనే ఈ రోగికి ఒకసారి ప్రోజోన్ వచ్చిందని, సీరంను తప్పనిసరిగా పలచన చేసి చూడమని రాసి పెట్టాను. పాత నెగెటివ్ కాగితాన్ని తీసేయలేదు. దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, ఎందుకు తప్పో రెండు మాటలు రాశాను.